సవరణ: కరెంటు మీటరు వేగం చూసే లెక్కలో మా పొరపాటు

“మీరు చెప్పినట్టే 1000 వాట్ల వాటర్ హీటర్ రాడ్‌తో చూశాను. మీటరు 9 శాతం ఫాస్ట్ వస్తోంది. బెంగళూరు కరెంటు సంస్థ బెస్కామ్‌కి ఫిర్యాదు చేయనా?”

అప్పుడే వద్దు, తప్పు మా లెక్కది. రాడ్ ఒక్కటే నడిపి, మీటరు లైటు 100 సార్లు మెరవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడమని ఇంతకు ముందు రాశాం. రాడ్ మీద రాసిన 1000 వాట్లు 230 వోల్టుల దగ్గర మాత్రమే. వోల్టేజి 240 ఉంటే అదే రాడ్ దాదాపు 1089 వాట్లు లాగుతుంది. మీటరు మీద 3200 imp/kWh అని, అంటే యూనిట్‌కి 3200 మెరుపులని ఉంటే, ఎర్ర లైటు 100 సార్లు మెరవడానికి 112.5 సెకన్లని రాశాం. 240 వోల్టుల్లో సరైన మీటరుకీ 103 సెకన్లే పడుతుంది. మీకొచ్చిన 9 శాతం అదే.

కాబట్టి మిగతావన్నీ ఆపి, రాడ్ నడుస్తుండగా ప్లగ్ దగ్గరే మల్టీమీటరుతో వోల్టేజి చూడండి. దాన్ని 230తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, 1000తో హెచ్చించండి. అదే రాడ్ నిజంగా లాగే వాట్లు. 3200 మీటరుకైతే 1,12,500ని ఆ వాట్లతో భాగిస్తే 100 మెరుపులకి పట్టాల్సిన సెకన్లు వస్తాయి, మీ సెకన్లని వాటితో పోల్చండి. రాడ్‌లోనూ కొంత తేడా ఉంటుంది గనక రెండు మూడు శాతాన్ని పట్టించుకోవద్దు.

అప్పటికీ తేడా పెద్దదైతే సబ్ డివిజన్ ఆఫీసులో మీటరు టెస్టుకి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. బిల్లు మాత్రం ఆపొద్దు. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 56 ప్రకారం అడిగిన మొత్తం, గత ఆరు నెలల సగటు, ఈ రెండింటిలో తక్కువది ‘అభ్యంతరంతో’ అని రాసి కడితే, వివాదం తేలేదాకా కరెంటు కట్ చేయకూడదు.