రీచార్జ్ ‘సక్సెస్’ అయినా వ్యాలిడిటీ మారలేదా? ఫిర్యాదుకు ముందు చూడవలసినవి

“రీచార్జ్ సక్సెస్ అని చూపించి వ్యాలిడిటీ పెరగలేదంటే కంపెనీ మన డబ్బు మింగేసినట్టే. వెంటనే ఇంకోసారి రీచార్జ్ చేసుకుని, మొదటిదానికి కంప్లైంట్ పెట్టండి.”

ఇలా సలహా ఇచ్చేవారి పొరపాటు ‘సక్సెస్’ అన్న మాట దగ్గరే మొదలవుతోంది. యూపీఐ యాప్‌లో రీచార్జ్ చేసినప్పుడు మన ఖాతా నుంచి డబ్బు కదలడం ఒక పని, ఆ నంబరుకు ప్యాక్ వేయమన్న ఆదేశాన్ని టెలికాం కంపెనీ అమలు చేయడం మరొక పని. బ్యాంకు మెసేజ్ మొదటిదానికి మాత్రమే సాక్ష్యం. రెండోది జరిగిందో లేదో తెలియాలంటే యాప్ హిస్టరీలో ఆ లావాదేవీని తెరిచి, యూపీఐ రిఫరెన్స్ నంబరుతో పాటు టెలికాం కంపెనీ ఇచ్చే ఆపరేటర్ రిఫరెన్స్ నంబరు కూడా ఉందేమో చూడాలి. అది లేక ‘పెండింగ్’ అని ఉంటే అడగవలసింది యాప్‌ను లేదా బ్యాంకును. ఆపరేటర్ దగ్గర ఆ రీచార్జ్ ఇంకా నమోదై ఉండకపోవచ్చు. ఖాతాలో డబ్బు తగ్గి, చెల్లింపు అందినట్టు వ్యాపారికి నిర్ధారణ చేరని సందర్భంలో 5 రోజుల్లోగా దాన్ని వెనక్కి జమ చేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులోనే ఆదేశించింది.

ఆపరేటర్ రిఫరెన్స్ ఉన్నా తేదీ మారకపోవడానికి తరచుగా కనిపించే కారణం ప్యాక్ వరుసలో ఉండటం. కావలిలో మా ఎదురింటి పెద్దాయన విషయంలో ఇదే జరిగింది. ఆయన పాత ప్యాక్ జూన్ 23 అర్ధరాత్రి వరకు ఉండగా, ఒంగోలులో ఉంటున్న కొడుకు 18వ తేదీనే 28 రోజుల ప్యాక్ వేశాడు. పెద్దాయన ఫోనులో మాత్రం గడువు 23 అనే కనిపిస్తుండటంతో డబ్బు పోయిందని రెండు రోజులు దిగులుపడ్డారు. కంపెనీ యాప్‌లో ప్రస్తుత ప్లాను కింద, రాబోయే ప్లాన్ల వరుసలో కొత్త ప్యాక్ భద్రంగా ఉంది. అది 24న మొదలై జూలై 21 వరకు నడిచింది. అన్ని కంపెనీలూ, అన్ని ప్యాక్‌లూ ఇలాగే నడవవు కాబట్టి, ప్యాక్ వివరాల్లో ‘వెంటనే మొదలవుతుంది’ అని ఉందో, ‘పాతది ముగిశాక’ అని ఉందో చదవాలి.

వేసింది ఏ రకం రీచార్జో కూడా చూడాలి. 10 రూపాయల టాప్‌అప్ వేస్తే పన్ను, రుసుము పోగా 7.47 రూపాయల టాక్‌టైమ్ వస్తుందే తప్ప గడువు పెరగదు. అదనపు డేటా ప్యాక్‌తోనూ సాధారణంగా అంతే. పోర్ట్ చేసుకున్న నంబరైతే యాప్‌లో పాత కంపెనీ పేరే ఉండిపోయిందేమో, నంబరులో ఒక అంకె తప్పిందేమో గమనించాలి.

ఇక ఇంకోసారి రీచార్జ్ చేయమన్న సలహా నిజంగా నష్టం చేస్తుంది. మొదటిది ఆలస్యంగా పడితే రెండు ప్యాక్‌లూ వరుసలో చేరి, మరో 28 రోజుల సొమ్ము అక్కడే ఇరుక్కుంటుంది; సరిగ్గా పడిన రీచార్జ్‌ను కంపెనీలు సాధారణంగా వెనక్కి ఇవ్వవు.

ఇవన్నీ సరిగానే ఉండి, ఆపరేటర్ రిఫరెన్స్ కూడా ఉండి, రాబోయే ప్లాన్లలో సైతం ప్యాక్ కనిపించకపోతే, అప్పుడు టెలికాం ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి ఆ రిఫరెన్స్ నంబరు, తేదీ, ఎన్ని రూపాయల రీచార్జో చెప్పి, వారిచ్చే ఫిర్యాదు నంబరును రాసి పెట్టుకోవాలి.