బొమ్మ పోయింది, పట్టిక ఉంది: సంపాదకుడికి ఏం రాయాలి?

వ్యాసం సమీక్ష ముగించుకొని సవరణ దశకు వచ్చాక, పటాల అసలు ఫైళ్లు పంపమని జర్నల్ అడుగుతుంది. సరిగ్గా అప్పుడే అవి లేవని తెలుస్తుంది. హార్డ్ డిస్క్ పాడై ఉంటుంది, లేదా ఆ ఫైళ్లు దాచిన సీనియర్ ల్యాబ్ వదిలి వెళ్లిపోయి ఉంటారు. అలాంటప్పుడు రీసెర్చ్ స్కాలర్ సంపాదకుడికి రాసే ఈమెయిల్‌లో సాధారణంగా కనిపించే వాక్యం ఒకటే: పటాలు పోయాయి, వాటి బదులు దత్తాంశ పట్టికలు ఇవ్వగలను. ఈ ప్రతిపాదన కొన్ని పటాల విషయంలో పూర్తిగా న్యాయమైనది, మరికొన్నింటి విషయంలో అసలు చెల్లనిది. ఏ పటం ఏ కోవలోకి వస్తుందో ఈమెయిలే విడదీసి చెప్పాలని నా అభిప్రాయం. అంకెల నుంచి గీసిన పటం పోతే మళ్లీ గీయవచ్చు. పటమే ఆధారమైతే, దాని నుంచి తీసిన అంకెలు దాని స్థానంలో నిలబడలేవు.

మన విశ్వవిద్యాలయాల్లో తరచుగా కనిపించే పనినే ఉదాహరణగా తీసుకుందాం. ఒక విద్యార్థిని జింక్ ఆక్సైడ్ నానో కణాలు తయారు చేసి, అవి బాక్టీరియాను ఎంతమేరకు అడ్డుకుంటాయో పరీక్షించిందనుకుందాం. ఆమె వ్యాసంలో కాంతి శోషణ గ్రాఫ్, ఎక్స్‌రే వివర్తన గ్రాఫ్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రం, పెట్రీ ప్లేట్ల ఫొటోలు, వాటి కొలతలతో గీసిన బార్ గ్రాఫ్ ఉంటాయి. ఈ అయిదూ ఒకేసారి పోయాయి.

కాంతి శోషణ గ్రాఫ్ గురించి దిగులు అక్కర్లేదు. స్పెక్ట్రోఫోటోమీటర్ ఇచ్చిన తరంగదైర్ఘ్యం, శోషణ అనే రెండు నిలువు వరుసలు ఉంటే చాలు, 370 నానోమీటర్ల దగ్గర్లో వచ్చే శిఖరంతో సహా గ్రాఫ్ మళ్లీ వస్తుంది. ఎక్స్‌రే గ్రాఫ్ కూడా అంతే, కానీ ఇక్కడ ఒక పొరపాటుకు అవకాశం ఉంది. జింక్ ఆక్సైడ్‌కు 31.8, 34.4, 36.3 డిగ్రీల దగ్గర వచ్చే మూడు ప్రధాన శిఖరాలను మాత్రమే పట్టికగా పంపితే సమీక్షకుడికి తెలిసేది చాలా తక్కువ. మలినాలకు చెందిన చిన్న శిఖరాలు ఉన్నాయా, నేపథ్య రేఖ ఎంత గరుకుగా ఉంది అన్నవి ఆ పట్టికలో కనిపించవు. 20 నుంచి 80 డిగ్రీల వరకు 0.02 డిగ్రీల అంతరంతో కొలిచి ఉంటే మూడు వేల వరుసల పట్టిక వస్తుంది, పంపాల్సింది దాన్నే. బార్ గ్రాఫ్‌కూ ఇదే వర్తిస్తుంది. సగటు, ప్రామాణిక విచలనం మాత్రమే ఇస్తే చాలదు. మూడు ప్లేట్లలో విడివిడిగా వచ్చిన కొలతలన్నీ ఇవ్వాలి, ఎందుకంటే ఒకే సగటు వెనుక చాలా భిన్నమైన కొలతలు దాగి ఉండవచ్చు.

మైక్రోస్కోప్ చిత్రం దగ్గరకు వచ్చేసరికి లెక్క మారుతుంది. వంద కణాల అడ్డుకొలతలు తీసి రాసుకున్న పట్టిక ఆమె దగ్గర ఉండవచ్చు. కానీ కణాలు గుంపులుగా అతుక్కుపోయాయా, ఆకారం ఎలా ఉంది, కొలవడానికి అనువైన వాటినే ఏరుకున్నారా అన్న ప్రశ్నలకు పట్టిక జవాబు చెప్పదు. ప్లేట్ల ఫొటో సంగతి ఇంకా కఠినం. మందు బిళ్ల చుట్టూ బాక్టీరియా పెరగని నిరోధ వలయం 14 మిల్లీమీటర్లని రాసుకున్నారు సరే, ఆ వలయం అంచు స్పష్టంగా ఉందా, మందు లేని కంట్రోల్ బిళ్ల చుట్టూ కూడా వలయం ఏర్పడిందా? ప్లేట్లను ఆటోక్లేవ్ చేసి ఎప్పుడో పారేసి ఉంటారు, ఇక ఫొటో తప్ప సాక్ష్యం లేదు.

అందుకే ఈమెయిల్ రాసే ముందు వెతకవలసిన చోట్లు ఉన్నాయి. మైక్రోస్కోప్ ఉన్న ఉపకరణ విభాగంలోని కంప్యూటర్‌లో అసలు ఫైలు మిగిలి ఉండవచ్చు. వోల్టేజీ, వర్ధనం చూపే అడుగు పట్టీ కూడా అందులో చెక్కుచెదరకుండా ఉంటుంది. మొదటిసారి సమర్పించిన ఫైళ్లు జర్నల్ వ్యవస్థలోనే ఉండే అవకాశం ఉంది, కార్యాలయాన్ని మర్యాదగా అడగవచ్చు. పాత వర్డ్ ప్రతి ఉంటే దాని నకలు తీసి, పేరు చివరి `.docx`ను `.zip`గా మార్చి తెరిస్తే `word/media` అనే ఫోల్డర్‌లో బొమ్మలు దొరుకుతాయి. పీడీఎఫ్ మాత్రమే ఉంటే పాప్లర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని ఈ ఆదేశం పనికొస్తుంది:

```
pdfimages -all draft.pdf fig
```

ఇలా దొరికిన బొమ్మల స్పష్టత తరచుగా తగ్గి ఉంటుంది. 85 మిల్లీమీటర్ల కాలమ్‌లో 300 డీపీఐతో అచ్చువేయాలంటే వెడల్పున సుమారు వెయ్యి పిక్సెళ్లు కావాలి, దొరికింది ఆరేడు వందలే కావచ్చు. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి పంపకూడదు. సాగదీస్తే వచ్చే పిక్సెళ్లు మైక్రోస్కోప్ చూసినవి కావు. ఉన్నదాన్ని ఉన్నట్టే పంపి, ఎక్కడ దొరికిందో చెప్పడమే మంచిది.

సంపాదకుడి అనుమానాన్ని అవమానంగా తీసుకోనక్కర్లేదు. 2016లో వెలువడిన ఒక అధ్యయనం జీవవైద్య రంగంలోని 20,621 వ్యాసాలను పరిశీలించి, 3.8 శాతం వ్యాసాల్లో సమస్యాత్మక పటాలు ఉన్నాయని తేల్చింది. ఆ నేపథ్యంలో సంపాదకుడికి తట్టే మొదటి ప్రశ్న: డిస్క్ పాడైతే బొమ్మలే ఎందుకు పోయాయి, పట్టికలు ఎలా మిగిలాయి? ఈ ప్రశ్న అడిగించుకోకుండానే జవాబు ఇచ్చే ఈమెయిల్ నమ్మకం కలిగిస్తుంది. కొలతలు ప్రయోగ పుస్తకంలో చేతితో రాసి ఉండటం వల్ల మిగిలాయంటే, తేదీతో ఉన్న ఆ పేజీల స్కాన్ జతచేయాలి. పట్టిక మరో కంప్యూటర్‌లో ఉందంటే అది ఎవరిదో చెప్పాలి.

ఆమె పంపే ఈమెయిల్ దాదాపు ఇలా ఉండవచ్చు: “గౌరవనీయులైన సంపాదకులకు, మా ల్యాబ్ హార్డ్ డిస్క్ పాడవడంతో అయిదు పటాల అసలు ఫైళ్లు పోయాయి. 1, 2, 5 పటాలను పూర్తి దత్తాంశం నుంచి తిరిగి గీసి, ఆ దత్తాంశాన్ని జతచేశాను. 1, 2 పటాల దత్తాంశ ఫైళ్లు ఆయా పరికరాల కంప్యూటర్లలో భద్రంగా ఉన్నాయి, ప్లేట్ల కొలతలు ప్రయోగ పుస్తకంలో ఉన్నాయి. 3వ పటం అసలు ఫైలు ఉపకరణ విభాగంలో దొరికింది. 4వ పటంలోని ప్లేట్ల ఫొటోలు దొరకలేదు. కొలతల పేజీల స్కాన్ పంపుతున్నాను, కానీ అవి ఫొటోలకు ప్రత్యామ్నాయం కాదని నాకు తెలుసు. మీరు అనుమతిస్తే ప్రయోగం మళ్లీ చేసి, కొత్త ఫొటోలను కొత్త కొలతలతో కలిపి ఇస్తాను. అందుకు గడువు పొడిగించవలసిందిగా కోరుతున్నాను.” గైడుకు, సహ రచయితలకు ఈ ఈమెయిల్ ప్రతి వెళ్లాలి. కరస్పాండింగ్ ఆథర్ గైడే అయితే ఆయన పేరుమీదే వెళ్లాలి.

ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది కొత్త ఫొటోలను కొత్త కొలతలతో కలిపి ఇస్తాననడం. పాత కొలతల పక్కన కొత్త ప్లేటు ఫొటో పెడితే, ఆ ఫొటో ఎంత నిజమైనదైనా, జరగని ప్రయోగాన్ని చూపినట్టే అవుతుంది. మళ్లీ చేసినప్పుడు వలయం 14 బదులు 12 మిల్లీమీటర్లు వస్తే వ్యాసంలోని బార్ గ్రాఫ్, చర్చ, సారాంశం కూడా మారాలి. మైక్రోస్కోప్ చిత్రం దొరకక, సీసాలో మిగిలిన పొడిని మళ్లీ చిత్రించినా ఇదే నియమం: ఎప్పుడు తీశారో, నమూనా ఎంతకాలం నిల్వ ఉందో పటం కింద రాయాలి, ఎందుకంటే నిల్వలో కణాలు గుంపుకట్టవచ్చు.

సంపాదకుడు గడువు ఇవ్వకపోతే మిగిలే మార్గం 4వ పటాన్ని తొలగించడం. అప్పుడు దానిపై ఆధారపడిన వాదన బలాన్నీ తగ్గించాలి, ఫొటోలు అందుబాటులో లేవని వ్యాసంలోనే ఒక వాక్యం చేర్చాలి. కొలతల పట్టిక అనుబంధ సమాచారంలోకి వెళ్లవచ్చు, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే వివరణతో.