డాగ్ ఫుడ్ యాడ్ గారూ, ఆ కట్‌కి ముందూ వెనకా సరే, మధ్యలో ఏం జరిగింది?

మహారాజశ్రీ డాగ్ ఫుడ్ యాడ్ గారికి,

ఇక్కడ మేమంతా క్షేమం. టీవీలో మీరూ రోజూ క్షేమంగానే కనిపిస్తున్నారు. మా బుజ్జిగాడు మాత్రం మీ మాట నమ్మి తెచ్చిన 10 కేజీల బస్తాని ముట్టనని భీష్మించుకు కూర్చున్నాడు. గిన్నెలో రెండుసార్లు ముక్కు పెట్టాడు, నా మొహం ఒకసారి చూశాడు, వెళ్లి మంచం కింద దూరాడు. ఆదివారం మధ్యాహ్నమంతా గొంతుక్కూర్చుని ‘తిను నాన్నా, తిను బంగారం’ అని బతిమాలడంతోనే సరిపోయింది. వంటింట్లోంచి అత్తయ్య “వాడికి కాస్త పెరుగన్నం కలిపి పెట్టమ్మా, ఆ గుళికలు నువ్వయినా తింటావా?” అంటూనే ఉన్నారు. విప్పిన బస్తా వెనక్కి తీసుకోనని షాపువాడు ముందే చెప్పేశాడు.

తమరి మీద చిన్నాచితకా ఫిర్యాదులు బోలెడున్నాయి. కుక్క ఉన్న ఇంట్లో తెల్ల సోఫా మీద ఒక్క వెంట్రుక ఉండదు. తెల్ల కోటు వేసుకున్నాయన అసలు డాక్టరేనా అన్నది ఎవరూ అడగరు. గిన్నెలో గుళికలు గోపురంలా పోస్తారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన 12 కేజీల కుక్కకి రోజుకి సుమారు 720 కేలరీలు చాలు. వంద గ్రాములకి 360 కేలరీలుండే తిండయితే అది 200 గ్రాములు, అంటే పూటకి వంద. మీరు పోసింది వారం తింటే మా వాడు తలుపులో పట్టడు.

ఇవన్నీ వదిలేస్తాను. వదల్లేనిది ఒక్కటే, ఆ కట్. స్లో మోషన్‌లో గుళికలు గిన్నెలో పడతాయి, కుక్క చెవులు ఎగరేసుకుంటూ పరుగెత్తుకొస్తుంది, కట్! తర్వాతి షాట్‌లో గిన్నె ఖాళీ. కుక్క మూతి నాకుతోంది. తినడం ఏదండీ? మాంగల్యధారణ లేని పెళ్లి వీడియోకి డబ్బులిస్తామా?

పోనీ ఆ ఫుటేజ్ మీ దగ్గర లేదా అంటే, అసలు సిసలైన తిండి చూసే పని మీ పరిశ్రమకి నిత్యకృత్యం. కుక్క ముందు రెండు గిన్నెలు పెడతారు. రెండింట్లోనూ తినగలిగినదానికంటే ఎక్కువే తూచి పోస్తారు. ముందు దేంట్లో మూతి పెట్టిందో రాసుకుంటారు, చివర్లో మిగిలింది తూస్తారు. కొన్ని కుక్కలు ఏది పెట్టినా ఎడమవైపుకే పోతాయి కాబట్టి మర్నాడు గిన్నెలు అటూఇటూ మారుస్తారు. ఒక దాంట్లో 150 గ్రాములు, రెండోదాంట్లో 50 తింటే మొదటిది గెలిచినట్టు. బావుంది. కానీ గెలిచింది పక్క గిన్నె మీదే కదా! పక్క గిన్నె లేకుండా అదొక్కటే నెలంతా పెడితే తింటుందా అన్నది ఆ పరీక్షలో తేలదు.

పైగా గెలిపించేది చాలావరకు పైపూత. పిండిని మెషీన్‌లో ఉడికించి, గుళికలుగా కోసి, ఆరబెట్టాక, పైన కొవ్వూ, కాలేయంలాంటి వాటిని ఎంజైములతో కరిగించి చేసిన ద్రవమో పొడో పట్టిస్తారు. కుక్క ముక్కు ముందు పట్టేది దాన్నే. బస్తా విప్పాక గాలి తగిలి ఆ కొవ్వు పాడవుతుంది. మనకి ఇంకా ఏ తేడా తెలియకముందే వాడికి తెలిసిపోతుంది. విప్పిన రోజు గిన్నె నాకినవాడే బస్తా అడుగుకొచ్చేసరికి మొహం తిప్పుకుంటాడు. మీ యాడ్‌లో మాత్రం ఎప్పుడూ విప్పిన రోజే.

అందుకని స్క్రిప్టు నేనే రాసి పంపుతున్నాను. ఖర్చు తక్కువ, స్లో మోషన్ అక్కర్లేదు.

గిన్నె కింద పెడతారు. కుక్క రాదు. పిలిస్తే వచ్చి, వాసన చూసి, వంటింటి వైపు చూస్తుంది. కాసేపటికి నాలుగు గుళికలు నోట కరుచుకుని హాల్లోకి వెళ్లి, దుప్పటి మీద ఉమ్మేస్తుంది. ఒక్కోదాన్నీ ముక్కుతో దొర్లించి, అప్పుడు తింటుంది. ఒకటి సోఫా కిందకి దొర్లిపోతుంది. ఇక గిన్నెలో ఎంతున్నా అనవసరం, ఆ ఒక్కటే కావాలి. బోర్లా పడుకుని చీపురుతో దాన్ని లాగుతున్న యజమానిని క్లోజప్‌లో చూపించాలి.

రెండో సీన్ మా కింది ఫ్లాట్ లాబ్రడార్ కుక్కది. నిమిషంలోపే గిన్నె ఖాళీ. నమిలింది లేదు. కుక్క దవడ మనలా పక్కలకి కదిలి నూరదు, వాడికి మింగడమే తెలుసు. కాసేపటికి పొట్ట కదలకుండానే గుళికలు గుళికలుగానే బయటికొస్తాయి. వాడు సిగ్గుపడకుండా మళ్లీ తినేస్తాడు. ఇది చూసి కొందరు చానెల్ మారుస్తారు, కుక్కలున్నవాళ్లు మాత్రం ‘మా వాడూ ఇంతే’ అని ఇంట్లో వాళ్లని పిలుస్తారు. కింద స్క్రోలింగ్: ‘గబగబా తినే కుక్కకి గాడులున్న గిన్నె వాడండి. పొట్ట ఎగదన్నుకుంటూ పసుపు నురగ వస్తే అది వాంతి, వేరే సంగతి.’

వాయిస్ ఓవర్ ఆ బొంగురు గొంతాయనే చెప్పొచ్చు, మాటలు మాత్రం ఇవి: ‘మా తిండి మీ కుక్క మొదటిరోజే తింటుందని చెప్పలేం. పాతదాంట్లో ముందు పావు వంతు కలపండి, వారంలో సగం, ముప్పావు చేసుకుంటూ పూర్తిగా మార్చండి. గోరువెచ్చటి నీళ్లు కాస్త చల్లితే వాసన లేస్తుంది.’ బస్తా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో మీరు రాసేదే ఇది. నోటితో చెప్తే ముత్యాలు రాలతాయా?

ఇంకోటి. ‘తిండి మానేశాడా? మా కొత్త ఫ్లేవర్ ట్రై చేయండి’ అంటారే, అక్కడే నాకు ఒళ్లు మండేది. ఆ లాబ్రడార్ గిన్నె వదిలేస్తే, విసుగొచ్చిందేమోనని వాళ్లు చికెన్ నుంచి మటన్‌కి, మటన్ నుంచి మరోదానికి మార్చారు. వాడికి ప్రాణమైన గుడ్డు కూడా వద్దన్నాక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. రక్తపరీక్షలో పిడుదుల జ్వరం అని తేలింది. నెలరోజుల మాత్రలతో బతికాడు. అలిగిన కుక్క గుళికలు వదిలేస్తుంది గానీ, గుడ్డు చూస్తే లేచి వస్తుంది, బయటికెళ్దామంటే తోక ఊపుతుంది. ఇష్టమైనదీ వద్దని, నీరసంగా ఒక మూలన పడుంటే ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. తినబోయి నోట్లోంచి జారవిడుస్తున్నా, ఒకవైపే కొరుకుతున్నా పళ్లు చూపించాలి. నీ 30 సెకన్లలో ఈ మాటకి చోటు లేదు, బ్రౌన్ కలర్ గ్రేవీ కారడానికి మాత్రం ఆరు సెకన్లుంటాయి. జబ్బు కుక్కకి ఫ్లేవర్లు అమ్ముకుంటావా? ఆ చివరి షాట్‌లో పక్కచూపులు చూస్తూ మూతి నాకుతున్న నీ హీరో కూడా రుచికే నాకుతున్నాడని నమ్మకమేంటి? బెదిరినా, కడుపులో వికారంగా ఉన్నా కుక్కలు అలాగే నాకుతాయి. లైట్ల కింద ఆ పిల్లాడికి ఎలా ఉందో ఎవరైనా చూశారా అసలు?

సరే, కోపంలో ఏకవచనంలోకి దిగాను, మన్నించాలి. పై స్క్రిప్టుకి మా బుజ్జిగాడు రెడీ. పారితోషికం గుడ్లలో ఇస్తే చాలు. రిహార్సల్ అక్కర్లేదు, గిన్నె పెట్టి కెమెరా ఆన్ చేయండి, మిగతాది వాడు చూసుకుంటాడు. కట్ మాత్రం చెప్పొద్దు. తినేదాకా కూర్చోండి, మేం కూర్చోవడం లేదూ?

ఇట్లు,
విప్పిన బస్తాతో మిగిలిపోయిన
ఒక కస్టమర్