స్వాగతం ఎవరు ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: "వచ్చే నెలలో నాకు రెండో పెళ్లి. ఆయన మొదటి భార్య మూడేళ్ల క్రితం చనిపోయారు. పదమూడేళ్ల పాప, ఏడేళ్ల బాబు ఉన్నారు. నాకు తొమ్మిదేళ్ల కూతురు ఉంది. రిజిస్టరు పెళ్లి అయ్యాక కాకినాడలో భోజనాల దగ్గర పిల్లల్ని ఉద్దేశించి నేను మాట్లాడాలనుకుంటున్నాను. ఏం చెప్పాలి?"

(పెళ్లికొడుకు అక్కకూ, పెళ్లికూతురి బాబాయికీ మధ్య జరిగిన వాదం ఇది. ఆమె పెళ్లికూతురికి వదిన అవుతుంది. ఆయన కుటుంబ న్యాయస్థానంలో చాలా ఏళ్లు కౌన్సిలరుగా పనిచేశారు.)

వదిన: నాకు ఇందులో సందేహమేమీ లేదు, బాబాయిగారూ. మైకు పట్టుకుని, బంధువులందరూ వినేలా, "ఈ రోజు నుంచి మీరు నా పిల్లలు, నేను మీ అమ్మని, మా కుటుంబంలోకి మీకు స్వాగతం" అని చెప్పాలి. "సవతి తల్లి" అన్న మాట నోటి చివర పెట్టుకుని వచ్చేవాళ్లు మా బంధువుల్లో కనీసం నలుగురున్నారు. వాళ్ల నోళ్లు ఆ రోజే మూతపడాలి.

బాబాయి: నోళ్లు మూయించడం అవసరమే, అమ్మా, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ అది పిల్లలతో చెప్పే మాట కాదు, పిల్లల్ని ఎదురుగా నిలబెట్టి బంధువులతో చెప్పే మాట. పైగా ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన పిల్లలకు, ఆ ఇంటికి కొత్తగా వెళుతున్న మా అమ్మాయి స్వాగతం చెప్పడమేమిటి? ఇంటివాళ్లు వాళ్లు, వచ్చేది ఈమె. స్వాగతమంటూ ఉంటే ఆ పాపే చెప్పాలి, అది కూడా ఆమెకు తోచినప్పుడు. మన భాషలో ఇంకొక చిక్కు ఉంది. "మా కుటుంబంలోకి" అన్నామంటే వింటున్నవాళ్లు బయట ఉన్నట్టే. "మనం" అంటేనే వాళ్లు లోపల ఉంటారు. ఒక్క అక్షరం తేడా, పదమూడేళ్ల పిల్లకు అది వెంటనే తెలుస్తుంది.

వదిన: "మా" తీసేసి "మన" అందాం, అభ్యంతరం లేదు. "అమ్మ" అన్న మాట మాత్రం వదలకూడదు. పెళ్లి అయ్యాక చట్టం కూడా ఆమెను తల్లిగానే చూస్తుంది కదా. 2022లో సుప్రీంకోర్టు, ఒక బిడ్డ కాగితాల్లో "సవతి తండ్రి" అని రాయమనడం క్రూరమైన పని అని తీర్పు ఇవ్వలేదా? అది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన కేసే.

బాబాయి: తీర్పు నిజమే, దాని నుంచి మీరు తీసిన అర్థమే సరైనది కాదు. అక్కడ భర్త పోయిన ఒక తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. బిడ్డకు ఏ ఇంటిపేరు ఉండాలో నిర్ణయించే హక్కు తల్లిదేనని కోర్టు అన్నది. ఆ రెండో భర్త బిడ్డను దత్తత కూడా తీసుకున్నాడు. కేవలం పెళ్లి వల్ల ఎవరూ తల్లి కారు. హిందూ మైనర్ల సంరక్షణ చట్టం, 1956లోనే, సహజ సంరక్షకుల విషయంలో తల్లి, తండ్రి అన్న మాటల్లోకి సవతి తల్లీ సవతి తండ్రీ రారని రాసి ఉంది. కాబట్టి "ఈ రోజు నుంచి నేను మీ అమ్మని" అన్న మాటకు చట్టం తోడు రాదు, పిల్లల మనసులోనూ చోటు ఉండదు. ఆ మాట వినగానే పాప ఎటు చూస్తుందో మీరు గమనించండి. ముందు వరుసలో కూర్చున్న అమ్మమ్మ వైపు చూస్తుంది. చప్పట్లు కొడితే పోయిన తల్లికి ద్రోహం చేసినట్టు, కొట్టకపోతే తండ్రిని అవమానించినట్టు అనిపిస్తుంది. అంతమంది మధ్య ఆ పిల్లను ఆ ఇరుకులో నిలబెట్టవద్దు.

వదిన: అలాగైతే ఆ తల్లి ప్రస్తావనే లేకుండా మాట్లాడితే సరిపోతుంది. శుభమా అని పెళ్లి జరుగుతుంటే పోయినవాళ్ల మాట ఎందుకు?

అన్నయ్య (వదిన భర్త): నా సంగతి చెబుతాను. నాకు ఆరేళ్లప్పుడు మా నాన్నగారు మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఆవిడను చివరి వరకూ "పిన్ని" అనే పిలిచాను, ఆవిడా ఎన్నడూ మరో పిలుపు అడగలేదు. మా అమ్మ ఫొటో మాత్రం పెళ్లికి ముందు రోజు గోడ మీద నుంచి తీసేశారు. ఎవరు తీశారో ఈనాటికీ నాకు తెలియదు. ఆ మేకు మాత్రం చాలాకాలం అలాగే ఉండేది.

బాబాయి: అందుకే ప్రస్తావన ఉండాలి, ఒక్క వాక్యం చాలు. ఈ పాప ఇంట్లో పోపుల డబ్బా ఉంది. వాళ్లమ్మ ఆవాలు మధ్య గిన్నెలో పోసేదట. ఇంట్లో ఎవరు వంట చేసినా పాప ఆ వరుస మారనివ్వదు. పోయినవారమే మా అమ్మాయి తెలియక జీలకర్ర అందులో పోస్తే, పాప ఏమీ అనకుండా వచ్చి చెంచాతో తీసి మళ్లీ సర్దిందట. పొగడ్తలన్నిటికంటే ఆ డబ్బా గురించి చెప్పే మాటే ఆ పిల్లకు అందుతుంది. నేను ఒక ముసాయిదా రాశాను, వినండి.

"మీ ఇంటికి నేనూ మా పాపా వస్తున్నాం. అందులో కాస్త చోటు అడగడానికే ఇప్పుడు మాట్లాడుతున్నాను. మీ అమ్మ స్థానంలోకి నేను రావడం లేదు, ఆమె ఫొటో ఎక్కడ ఉందో అక్కడే ఉంటుంది, ఆవాలు మధ్య గిన్నెలోనే ఉంటాయి. నన్ను ఏమని పిలవాలో మీ ఇష్టం, తర్వాత మార్చుకున్నా సరే. బాబూ, రాత్రి నీకు వరండాలో దీపం వెలిగి ఉండాలని నాన్న చెప్పారు, నాకు గుర్తుంటుంది. చిన్నారీ, నువ్వు ఆదివారాలు మీ నాన్న దగ్గరికి వెళ్లడం ఎప్పటిలాగే ఉంటుంది, శనివారం రాత్రి నీ జడ వేసేది నేనే. మనకు అలవాటు కావడానికి చాలా రోజులు పడుతుంది. నాకు తొందర లేదు."

వదిన: మాటలు బాగున్నాయి, కాదనను. కానీ ఇందులో ప్రేమ అన్న మాటే లేదే?

బాబాయి: కావాలనే పెట్టలేదు. ఆరు నెలల పరిచయంలో ప్రేమ ఉందంటే పాప నమ్మదు. దీపం వెలిగిస్తానంటే ఆ రాత్రికే నిజమో కాదో బాబుకు తెలిసిపోతుంది. ఇంకొక సంగతి, సొంత కూతురి పేరు లేని ప్రసంగాలు నేను చాలా విన్నాను. కొత్త పిల్లల్ని మెప్పించే ఆరాటంలో, తల్లి తనను పంచేసిందని సొంత బిడ్డ అక్కడే అనుకుంటుంది. ఆమె తండ్రి బతికే ఉన్నాడు కనుక, పెళ్లికొడుకును "కొత్త నాన్న" అని ఎవరూ పరిచయం చేయకూడదు కూడా.

వదిన: సరే, కూతురి వాక్యం ఉండనివ్వండి. ఇదంతా మైకులోనే కదా చెప్పేది?

బాబాయి: మైకు లేకుండా, భోజనాలకు ముందు, పిల్లల బల్ల దగ్గర కూర్చుని చెబితే మేలని నా అభిప్రాయం. రెండు నిమిషాలకు మించకూడదు, పిల్లల్ని వేదిక మీదికి పిలవకూడదు.

వదిన: దానికి మాత్రం నేను ఒప్పుకోను. ఎవరికీ వినపడకుండా చెబితే, ఏదో దాచారని రేపు వీధిలో అంటారు. "మీ అమ్మ స్థానంలోకి రావడం లేదు" అన్న వాక్యం ఆ పాప అమ్మమ్మ చెవిన పడాలి, అందరికంటే ఆవిడకే అది అవసరం. ఆవిడ భయం ఎవరు తీరుస్తారు?

బాబాయి: అమ్మమ్మ మాట నిజమే. నేను ఆమెను లెక్కలోకి తీసుకోలేదు. ఆవిడ దగ్గరికి పెళ్లికి ముందే వెళ్లి రావాలి. మైకు సంగతి పాపనే అడుగుదాం. మూడు రోజుల ముందే ఈ కాగితమూ ఒక పెన్సిలూ పాపకు ఇవ్వాలి. ఏ వాక్యం కొట్టేస్తే ఆ వాక్యం ఉండదు.

వదిన: మొత్తం కొట్టేస్తే?

బాబాయి: అప్పుడు ఆ రోజు ఏమీ మాట్లాడకుండా, పిల్లలకు అన్నం వడ్డిస్తే చాలు.

వదిన: పదమూడేళ్ల పిల్ల చేతికి అంత బరువు ఇస్తారా? నాకు ఇది నచ్చలేదు, బాబాయిగారూ. కాగితం మాత్రం ఇటివ్వండి, పాపకు నేనే చదివి వినిపిస్తాను.

బాబాయి: చదివి వినిపించకండి, ఆమె చేతికివ్వండి. వినిపిస్తే మీ ముఖం చూసి ఒప్పుకుంటుంది.