ఇన్సెంటివ్ రెట్టింపైనా ఎవరూ కదల్లేదు

"ఉద్యోగికి ఏ అవసరం ఉందో కనిపెట్టి తీరిస్తే చాలు, ప్రేరణ దానంతట అదే వస్తుంది." తరచూ వినిపించే ఈ మాటతోనే నాకు పేచీ. మనస్తత్వవేత్తలు మాస్లో, హెర్జ్‌బర్గ్ మనిషికి ఏం కావాలో చెప్పారు. అది తన కష్టంతో దక్కుతుందా అని మనిషి వేసుకునే లెక్కను 1964లో వ్రూమ్ అనే మరో మనస్తత్వవేత్త చెప్పారు. మాదాపూర్‌లో నేను పనిచేసిన ఒక కాల్ సెంటర్‌లో నెలకు 3,000 ఇన్సెంటివ్‌ను 6,000 చేశారు. డబ్బు చేదా? అక్కడి అద్దెలు తెలిసినవే. అయినా మా టీమ్‌లో ఎవరూ కదల్లేదు. టార్గెట్ కస్టమర్ రేటింగ్ మీద ఉండేది, ఆ రేటింగేమో రిఫండ్ రాలేదన్న కోపంతో పడిపోయేది. రిఫండ్ మా చేతిలో లేదు, ఎంత మర్యాదగా మాట్లాడినా అంతే. వ్రూమ్ లెక్కలో చూస్తే డబ్బు మీద కోరిక ఉంది, టార్గెట్ కొడితే ఇస్తారన్న నమ్మకమూ ఉంది, కష్టపడితే టార్గెట్ అందుతుందన్న ఆశ మాత్రం సున్నా. ఆయన ఈ మూడింటినీ కూడలేదు, గుణించారు. అంటే ఒకటి సున్నా అయితే మొత్తం ప్రేరణే సున్నా. తర్వాత రిఫండ్ కాల్స్‌ను రేటింగ్ లెక్కలోంచి తీసేశారు. పైసా పెంచకుండానే మావాళ్లు రోజూ స్కోరు చూసుకోవడం మొదలెట్టారు. అలాగని వ్రూమ్ ఒక్కరే చాలరు. మా టీమ్‌లో ఒకావిడకు డబ్బుకన్నా పగటి షిఫ్టే ముఖ్యం, అది తెలియాలంటే మళ్లీ అవసరాల దగ్గరికే వెళ్లాలి.