మనవరాలి మూడో వంతు

ముస్లిం వీలునామా ఆస్తిలో మూడో వంతు దాటకూడదన్న సంగతి గుంటూరులో చాలామందికి తెలుసు. ఆ మూడో వంతు ఎవరి కోసమో ఆలోచించినవారు మాత్రం అరుదు. దాన్ని ఇష్టమైన కొడుకు పేర రాసే తండ్రులే ఎక్కువ. ఇక్కడ ఎక్కువమంది పాటించే హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం, తండ్రి మరణానంతరం మిగతా వారసులు ఒప్పుకోకపోతే ఆ రాత చెల్లదు.

ఒక మిర్చి వ్యాపారి 80 లక్షల ఆస్తి వదిలి మరణించాడనుకుందాం. ఆయనకు భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు, అంతకుముందే చనిపోయిన పెద్దకొడుకు కూతురు ఉన్నారు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, పెళ్లినాడు మాటిచ్చి భార్యకు చెల్లించని మెహర్ కలిపి 8 లక్షలు ముందు తీసెయ్యాలి. మెహర్ కూడా అప్పే. దాన్ని మరిచి 80 లక్షల మీద మూడో వంతు కట్టడం తరచూ జరిగే పొరపాటు. మిగిలిన 72 లక్షల్లో వీలునామా లేకపోతే భార్యకు ఎనిమిదో వంతు కింద 9 లక్షలు, కొడుకుకు 31.5, కూతుళ్లకు చెరి 15.75 లక్షలు వస్తాయి. బతికున్న కొడుకు అడ్డు కాబట్టి మనవరాలికి పైసా రాదు.

ఆమె వారసురాలు కాదు గనుకనే తాత ఆమెకు వీలునామా రాయగలడు. 24 లక్షలు రాస్తే ఎవరి అనుమతీ అక్కర్లేదు. అప్పుడు మిగిలిన 48 లక్షల్లో భార్యకు 6, కొడుకుకు 21, కూతుళ్లకు చెరి 10.5 లక్షలు దక్కుతాయి. మమకారం కొద్దీ 40 లక్షలు రాశాడనుకోండి, అదనపు 16 లక్షలకు ఆయన పోయాక వారసుల సమ్మతి కావాలి, అదీ ఎవరి వాటా మేరకు వారిది. తల్లీకూతుళ్లు ఒప్పుకుని కొడుకు కాదంటే, ఆ 16 లక్షల్లో అతని వాటా 7 లక్షలు అతనికే పోయి, మనవరాలికి మొత్తం 33 లక్షలు చేరతాయి.

సొంత కష్టార్జితం మీద ఈ హద్దు ఏమిటని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. కానీ హద్దు లేని చోట ఏం జరుగుతోందో మన పక్కింట్లోనే చూస్తున్నాం: హిందూ తండ్రి స్వార్జితాన్నంతా కొడుకుకు రాసి, కూతురిని ఒక్క వాక్యంతో తప్పించగలడు. ఆస్తిలో మూడింట రెండు వంతులు తండ్రి కలానికి అందకుండా ఉంచిన శాస్త్రం కూతురి విషయంలో ఆ హిందూ చట్టం కంటే గట్టిది. కొడుకుకు ఇచ్చే దానిలో సగమే ఆమెకు ఇస్తుందన్న విమర్శ నాకూ ఉంది; అయినా ఆ సగాన్ని వీలునామాతో ఎవరూ తీసెయ్యలేరు.

తండ్రి లేని మనవల కోసం ఈజిప్టు 1946లో ఈ మూడో వంతు లోపలే తప్పనిసరి వసీయత్, అంటే తాత రాయకపోయినా రాసినట్టే లెక్కించే వీలునామా, చట్టం తెచ్చింది. పాకిస్తాన్ 1961లో తండ్రి వాటానే వారికి ఇచ్చింది. మన దగ్గర రెండూ లేవు కాబట్టి తాత రాయాల్సిందే. నోటిమాట వసీయత్ కూడా చెల్లుతుంది. కానీ దాన్ని రుజువు చేసే భారం ఆ పిల్ల మీద, కాదనే అవకాశం బాబాయి చేతిలో ఉంటాయి.