ఐదు శాతం పెంచినా లోటే

కర్నూలు పాతబస్తీలో బట్టల దుకాణం లెక్కలు రాసే ఒక గుమాస్తాను ఉదాహరణగా తీసుకుందాం. 2021 ఏప్రిల్‌లో ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన జీతం నెలకు 20,000 రూపాయలు. యజమాని మాట తప్పే మనిషి కాదు. ఏటా ఏప్రిల్ రాగానే ఐదు శాతం పెంచుతూ వచ్చారు. 2022లో 21,000, 2023లో 22,050, 2024లో 23,152 రూపాయలు. మూడేళ్లలో మూడు వేలకు పైగా పెరిగిన మాట నిజం. అయినా ఆ ఇంట్లో సరుకుల చీటీ రాసేటప్పుడు ఐదు కిలోల వేరుశనగ నూనె నాలుగు కిలోలవుతుంది, కందిపప్పు పక్కన రాసిన అంకె మీద గీత పడుతుంది. దుబారా చేస్తున్నామేమోనని ఆ దంపతులు ఒకరినొకరు అనుమానించుకుంటారు. తప్పు వారిది కాదు, లెక్కది.

దేశంలో వినియోగదారుల ధరల సూచీ ప్రకారం 2022-23లో ధరలు సగటున 6.7 శాతం, 2023-24లో 5.4 శాతం, 2024-25లో 4.6 శాతం పెరిగాయి. 2021-22లో 20,000 రూపాయలకు వచ్చిన సరుకులే 2024-25లో కొనాలంటే 23,527 రూపాయలు కావాలి. గుమాస్తా చేతికి వచ్చింది 23,152. పెరిగింది అనుకుంటున్న జీతం నిజానికి 1.6 శాతం తగ్గింది.

ఈ తరుగు ఏటా కొంచెం కొంచెంగా వచ్చింది కాదు. దాదాపు అంతా ఒక్క 2022-23లోనే వచ్చింది. ఉక్రెయిన్ యుద్ధంతో వంటనూనెలు, గోధుమలు, ఇంధనం భగ్గుమన్న సంవత్సరం అది. రిజర్వు బ్యాంకుకు విధించిన ఆరు శాతం గరిష్ఠ పరిమితిని కూడా ధరలు దాటిపోయాయి. ఆ ఏడాది మన గుమాస్తాకు నెలకు 340 రూపాయలు తక్కువ పడింది. మరుసటి ఏడాది ఆ లోటు 442కు చేరింది. 2024-25లో ధరల కంటే జీతమే కాస్త వేగంగా పెరిగింది కాబట్టి 375కు దిగింది, అంతే. మూడేళ్లకు కలిపితే 13,900 రూపాయల దాకా పోయింది. సగం నెల జీతం కంటే ఎక్కువ.

యజమానులు తరచూ చెప్పే ఒక మాటను మేము ఒప్పుకోలేము. ‘ద్రవ్యోల్బణం తగ్గింది కదా, ఈసారి నాలుగు శాతం చాలు’ అంటారు. ద్రవ్యోల్బణం తగ్గడమంటే ధరలు దిగిరావడం కాదు, అవి పెరిగే వేగం తగ్గడం. 2022లో ఎక్కిన మెట్టు మీదే ధర నిలబడి ఉంది, అక్కడి నుంచి నెమ్మదిగా ఇంకా పైకే పోతోంది. అందువల్ల నిరుటితో పోల్చి చూసే పెంపు పాత లోటును ఎప్పటికీ పూడ్చదు. పోల్చవలసింది ఉద్యోగంలో చేరిన సంవత్సరంతో.

లెక్క కట్టే పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఇప్పటి జీతాన్ని చేరిననాటి జీతంతో భాగించాలి. 23,152ను 20,000తో భాగిస్తే 1.158 వస్తుంది. ధరలకూ అలాగే చేయాలి. 1.067, 1.054, 1.046లను ఒకదానితో ఒకటి గుణిస్తే 1.176 అవుతుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగించగా వచ్చిన ఫలితం ఒకటి కంటే తక్కువైతే జీతం తరిగినట్టే. పెంపు శాతం నుంచి ధరల శాతాన్ని తీసివేస్తే ఒక్క ఏడాదికైతే పెద్ద తేడా రాదు. కానీ చాలా ఏళ్ల శాతాలను కూడి తీసివేస్తే తప్పు పెరుగుతూ పోతుంది. ఇంకొకటి కూడా చూసుకోవాలి. ఐదు శాతం మొత్తం జీతం మీదనా, మూల వేతనం మీదనా? మూల వేతనం జీతంలో సగమే అయి, భత్యాలు కదలకపోతే చేతికి వచ్చే పెంపు రెండున్నర శాతమే.

సూచీకీ పరిమితులున్నాయి. ఆ ఏళ్లలో 2012 ఆధార సంవత్సరంగా ఉన్న ఆ సూచీలో ఆహార, పానీయాల వాటా దాదాపు 46 శాతం ఉండేది. ఇరవై వేలతో నడిచే ఇంట్లో తిండికయ్యే వాటా అంతకంటే ఎక్కువే ఉండవచ్చు. ఆహారం ధరలు మిగతా వాటి కంటే వేగంగా పెరిగిన ఏడాది ఆ ఇంటికి తగిలే దెబ్బ సూచీలో కనిపించేదాని కంటే పెద్దది. అలాగని ఒక్క సరుకును పట్టుకుని తీర్పు చెప్పకూడదు. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటింది, కొద్ది వారాలకే కూలిపోయింది. జీతం లెక్కకు ఏడాది సగటే ఆధారం కావాలి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి జనవరి, జూలై నెలల లెక్కన ఏటా రెండుసార్లు సూచీని బట్టి కరవు భత్యం సవరిస్తారు. చెల్లింపు ఆలస్యమైనా ఆ లెక్క కాగితం మీద ఉంటుంది. దుకాణాల్లో, ప్రైవేటు బడుల్లో, నర్సింగ్‌హోముల్లో పనిచేసేవారిలో చాలామందికి అలాంటి సూత్రమేదీ లేదు. చేరిన సంవత్సరాన్ని ఆధారంగా పెట్టి ఏటా ధరలతో సరిచూస్తామన్న ఒక్క వాక్యం నియామక పత్రంలో ఉండాలని మేము కోరుతున్నాము. 2024 ఏప్రిల్‌లో ఆ వాక్యం అమల్లోకి వచ్చి ఉంటే అప్పుడు మన గుమాస్తాకు ఐదు కాదు, 6.7 శాతం పెంచవలసి వచ్చేది. అప్పటికీ ఆయన 2021లో ఉన్నచోటికే చేరేవారు.